స్క్రీన్‌షాట్ బిల్లుల సరిచూత: 372 తేడా వెనక దాక్కున్న 1,368

మా స్టేషనరీ షాపుకి సరుకిచ్చే పెద్ద సరఫరాదారు బిల్లులు కాగితం మీద ఇవ్వడు. వాళ్ల కంప్యూటర్‌లో బిల్లు తెరిచి, తెరను స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్‌కి మెసేజ్ పెడతారు. కొన్నాళ్లకోసారి అన్నీ కలిపి ఒక స్టేట్‌మెంట్ వస్తుంది, దాని ప్రకారం డబ్బు కట్టాలి. ఈసారి కట్టే ముందు స్క్రీన్‌షాట్లన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించి సరిచూశాం. ఆ పని డైరీ ఇది. ఇలాగే మెసేజ్‌లలో బిల్లులు తీసుకునేవాళ్లు కాలమ్‌లు, ఫార్ములాలు ఉన్నవి ఉన్నట్టు వాడుకోవచ్చు. మేం తిరిగిన తప్పుదార్లు మాత్రం తిరగనక్కర్లేదు.

షీట్ పని మా మేనల్లుడు చేశాడు. సరఫరాదారుతో మాట్లాడింది నేను. పన్ను ధరల్లోనే కలిసి ఉంటుంది కాబట్టి ఈ లెక్కల్లో దానికి వేరే కాలమ్ లేదు. పన్ను విడిగా వేసే బిల్లులైతే ఇంకో కాలమ్ పెట్టుకోవాలి.

## దశ 1: స్క్రీన్‌షాట్లు పోగు చేయడం

స్టేట్‌మెంట్‌లో ఆరు బిల్లులున్నాయి. B1 నుంచి B6 దాకా మేమే పేర్లు పెట్టుకున్నాం.

1. ప్రతి బొమ్మనూ మెసేజ్‌లో పూర్తిగా తెరిచి, డౌన్‌లోడ్ చేసి, ఆ తర్వాతే సేవ్ చేశాం. చాట్‌లో కనిపించే చిన్న బొమ్మను మళ్లీ స్క్రీన్‌షాట్ తీస్తే అంకెలు అలుక్కుపోతాయి. 3కీ 8కీ తేడా తెలియదు.
2. ఫైల్ పేరులో బిల్లు, ముక్క నంబరు పెట్టాం: `B4_1.png`, `B4_2.png`.
3. ప్రతి బిల్లుకూ చివరి ముక్క ఉందో లేదో చూశాం. మొత్తం ఉండేది అందులోనే. అది లేని బిల్లును ఎక్కించడం మొదలుపెట్టకూడదు.

B6కి చివరి ముక్క లేదు. అడిగితే పంపారు. B4 పొడుగ్గా ఉండటంతో రెండు ముక్కలుగా వచ్చింది. రెండో ముక్క తీసేటప్పుడు అక్కడెవరో తెరను జూమ్ చేసినట్టున్నారు, ఎడమ పక్కనుండే వరస నంబర్ల కాలమ్ తెగిపోయింది. ఆ రోజు దాన్ని పట్టించుకోలేదు. అది ఎంత పని పెట్టిందో దశ 4లో వస్తుంది.

## దశ 2: షీట్‌లోకి ఎక్కించడం

కాలమ్‌లు ఆరు. A బిల్లు, B ఫైల్ పేరు, C సరుకు, D ఎన్ని, E ధర, F బిల్లులో అచ్చయిన మొత్తం. F లో ఫార్ములా పెట్టలేదు. సరఫరాదారు ఏం రాశాడో అదే అందులో ఉండాలి, మనం గుణించింది కాదు.

బొమ్మలోంచి అక్షరాలు కాపీ చేసుకునే సౌకర్యం ఫోన్‌లోనే ఉంది. స్పష్టంగా ఉన్న బొమ్మలకు అది వాడాడు. మసకగా ఉన్న B3ని చూసి టైప్ చేశాడు. తిరిగిచ్చిన సరుకు వరసలను మైనస్‌తో ఎక్కించాడు. అలాంటివి రెండే: B2లో పెన్నులు, B5లో రిజిస్టర్లు.

అంతా ఎక్కాక 71 వరసలు తేలాయి.

ఇప్పటికి లెక్క
- స్టేట్‌మెంట్ మొత్తం: 56,328
- షీట్ మొత్తం: 53,806
- తేడా: 2,522

తేడా వస్తుందని తెలుసు గానీ ఇంత వస్తుందనుకోలేదు.

## దశ 3: కూడికలోకి రాని అంకె

ముందు బొమ్మలన్నీ మళ్లీ ఒక్కొక్కటే చూద్దామనుకున్నాం. అది చాలా నెమ్మది. పైగా ఒకసారి తప్పుగా చదివిన కన్ను రెండోసారీ అలాగే చదువుతుంది. అందుకని ముందు షీట్‌నే ప్రశ్నించాం: F కాలమ్‌లో నిండిన గళ్లు ఎన్ని, వాటిలో షీట్ అంకెలుగా గుర్తించినవి ఎన్ని?

```
=COUNTA(F2:F72)-COUNT(F2:F72)
```

జవాబు 0 రావాలి, 1 వచ్చింది. అంటే ఒక గడిలో చూడటానికి అంకెలా కనిపించేది షీట్ దృష్టిలో అక్షరం. SUM అలాంటి గడిని ఏ హెచ్చరికా లేకుండా దాటేస్తుంది. ఎర్ర గుర్తు రాదు, కూడిక ఆగదు, మొత్తం మాత్రం తగ్గిపోతుంది.

గడిని వెతకడం తేలికే. అంకెలు గడిలో కుడి పక్కకి జరిగి ఉంటాయి, అక్షరాలు ఎడమ పక్కకి. (మొత్తం కాలమ్‌ను మధ్యకు సర్ది అందంగా పెట్టుకుంటే ఈ ఆధారం పోతుంది. లెక్కల కాలమ్‌లను సర్దకుండా వదిలేయడం మంచిది.) B2లో 2,150 ఉండాల్సిన చోట చివరి సున్నా బదులు ఇంగ్లీషు O అక్షరం ఉంది. బొమ్మలోంచి కాపీ చేసినప్పుడు వచ్చిన తంటా అది.

దిద్దాం.

ఇప్పటికి లెక్క
- స్టేట్‌మెంట్: 56,328
- షీట్: 55,956
- తేడా: 372

మావాడి మొహం వెలిగింది. "మామయ్యా, ఇంత బాకీలో 372 ఎంత? నూటికి ఒకటి కూడా లేదు. ఏదో రౌండింగ్ అయ్యుంటుంది, వదిలేద్దామా?"

రౌండింగ్ ఎంత దాకా వెళ్తుందో లెక్క కట్టొచ్చు. బిల్లు మొత్తాన్ని దగ్గరి పూర్ణాంకానికి సర్దితే ఒక్కో బిల్లులో తేడా అరకు మించదు. ఆరు బిల్లులకు కలిపి 3. అంతకు మించింది ఏదైనా సరే రౌండింగ్ కాదు. 372 చిన్నదా పెద్దదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, అది ఎక్కడిదో తెలియదు, అంతే.

## దశ 4: మొత్తాన్ని కాదు, బిల్లు బిల్లునూ

పని తీరు మార్చింది ఇక్కడే. ఇప్పటిదాకా మొత్తాన్ని మొత్తంతో పోలుస్తున్నాం. ఒక తప్పు షీట్‌ను పెంచి, ఇంకో తప్పు తగ్గిస్తే, రెండూ కలిసి చిన్న తేడాగా కనిపిస్తాయి. అందుకని ఒక్కో బిల్లుకు విడిగా కూడాం:

```
=SUMIF(A2:A72,"B5",F2:F72)
```

B5 స్థానంలో ఒక్కో బిల్లు పేరూ పెడుతూ పోతే ఇలా వచ్చింది:

| బిల్లు | స్టేట్‌మెంట్‌లో | షీట్‌లో | తేడా |
|---|---|---|---|
| B1 | 8,240 | 8,240 | 0 |
| B2 | 11,615 | 11,615 | 0 |
| B3 | 6,930 | 6,750 | 180 |
| B4 | 9,482 | 10,658 | −1,176 |
| B5 | 12,306 | 10,938 | 1,368 |
| B6 | 7,755 | 7,755 | 0 |

ఆ 372లో మూడు వేర్వేరు తేడాలున్నాయి. ఒకటి మైనస్ కావడంతో మిగతా రెండింటినీ చాలావరకు మింగేసింది. మావాడు చెప్పినట్టు వదిలేసుంటే ఇవన్నీ అక్కడే ఉండిపోయేవి.

మా బిల్లుల్లో అన్నీ పూర్ణాంకాలే కాబట్టి సున్నా అంటే సున్నాయే. దశాంశాలున్న బిల్లులైతే ఒక్కో వరసకూ అతి చిన్న నాణెంలో సగం చొప్పున తేడాను ఒప్పుకోవచ్చు, అంతకు మించి కాదు.

### B3: 180

తేడా 9తో భాగించబడితే పక్కపక్క అంకెలు రెండు తారుమారయ్యాయేమో చూడాలి. లెక్కలు రాసేవాళ్లకు ఇది పాత చిట్కా. కానీ చాలామంది 9తో భాగించడం దగ్గరే ఆగిపోతారు. తేడా ఆకారం కూడా చూస్తే ఇంకా చెప్తుంది. ఒకట్లు, పదులు తారుమారైతే 9, 18, 27 అలా 81 దాకా వస్తుంది. పదులు, వందలు మారితే 90, 180, 270 అలా 810 దాకా.

180 అంటే 90 రెండుసార్లు. కాబట్టి పదుల, వందల స్థానాల్లోని రెండు అంకెల మధ్య తేడా 2 ఉండాలి. B3లో ఉన్నవి పది వరసలు. వాటిలో వందల అంకె, పదుల అంకె రెండేసి తేడాతో ఉన్న వరస ఒక్కటే: 1,350. బొమ్మలో చూస్తే 1,530. ధర 45, సరుకు 34. గుణిస్తే 1,530 అవుతుంది.

ఇది చూశాక షీట్‌లో ఏడో కాలమ్ చేర్చాం:

```
=ROUND(D2*E2,2)-F2
```

ప్రతి వరసలోనూ ఇది 0 కావాలి. మొదటి నుంచీ ఉండాల్సిన కాలమ్ ఇది. ఉండి ఉంటే O అక్షరం ఉన్న గడి ఎదురుగా `#VALUE!` అని వచ్చేది, 1,350 ఎదురుగా 180 కనిపించేది. మీరు మొదలుపెడితే దీన్ని దశ 2లోనే పెట్టుకోండి.

### B4: −1,176

ఇక్కడ షీట్‌లో ఎక్కువ ఉంది. అదే మొత్తం ఉన్న వరస కోసం వెతికితే 1,176 రెండుసార్లు దొరికింది. ఒకే సరుకు, అదే సంఖ్య, అదే ధర. ఒకటి `B4_1.png` చివరి వరస, రెండోది `B4_2.png` మొదటి వరస.

మావాడు వెంటనే ఒకటి చెరపబోయాడు, నేను ఆపాను. ఇది రెండు రకాలుగా జరగొచ్చు. స్క్రీన్‌షాట్ తీసినవాళ్లు తెరను పూర్తిగా జరపక ఒక వరస రెండు బొమ్మల్లోనూ పడి ఉండొచ్చు. లేదా సరఫరాదారే ఆ సరుకును నిజంగా రెండుసార్లు బిల్లు చేసి ఉండొచ్చు. మొదటిదైతే చెరపాలి, రెండోదైతే ఫోన్ చేసి అడగాలి. బొమ్మలు చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

వరస నంబర్లు కనిపిస్తే క్షణంలో తేలేది. రెండు చోట్లా ఒకే నంబరుంటే అతివ్యాప్తి, 9, 10 అని వేరుగా ఉంటే రెండు బిల్లింగులు. జూమ్‌లో తెగిపోయింది సరిగ్గా ఆ నంబర్ల కాలమ్. కాబట్టి బిల్లు అడుగున ఉన్న మొత్తాన్ని అడిగాం. ఆ వరసను ఒక్కసారే కూడితే 9,482, అచ్చయింది కూడా 9,482. రెండుసార్లు కూడితే 10,658, అది ఎక్కడా లేదు. సరఫరాదారు ఒక్కసారే బిల్లు చేశాడు, రెండోది బొమ్మల అతుకు దగ్గర పుట్టింది. చెరిపేశాం. 71 వరసలు 70 అయ్యాయి.

ఇప్పటికి లెక్క
- స్టేట్‌మెంట్: 56,328
- షీట్: 54,960
- తేడా: 1,368

మావాడికి ఇది మింగుడు పడలేదు. "372 ఉన్నదాన్ని రెండు తప్పులు దిద్ది 1,368కి తెచ్చాం మామయ్యా." కానీ ఇప్పుడు మిగిలినదంతా ఒకే బిల్లులో ఉంది. అంతకుముందు తేడా చిన్నదైనా మూడు చోట్ల చెల్లాచెదురుగా ఉండేది.

## దశ 5: B5

చిన్న బిల్లు, ఒకే బొమ్మ, అంకెలు స్పష్టంగా ఉన్నాయి. తప్పు చదవడానికి ఆస్కారం లేదు.

| సరుకు | ఎన్ని | ధర | మొత్తం |
|---|---|---|---|
| లాంగ్ నోట్‌బుక్‌లు | 96 | 42 | 4,032 |
| బాల్‌పెన్ డబ్బాలు | 20 | 135 | 2,700 |
| జామెట్రీ బాక్సులు | 24 | 88 | 2,112 |
| ఫైళ్లు | 30 | 36 | 1,080 |
| చార్టు కట్టలు | 6 | 283 | 1,698 |
| తిరిగిచ్చిన రిజిస్టర్లు | 12 | 57 | 684 |

అడుగున రెండే అంకెలు. మొత్తం సంఖ్య 188, మొత్తం 12,306. మధ్యలో ఉపమొత్తం లేదు.

వెతుకులాట ఈ వరసలో సాగింది:

1. 1,368 ఉన్న వరస ఏదైనా ఉందా? లేదు. అంటే ఒక వరస పూర్తిగా జారిపోలేదు, రెండుసార్లూ పడలేదు.
2. 9తో భాగించబడుతుందా? అవుతుంది, 152 సార్లు. కానీ పైన చెప్పిన ఆకారం లేదు. పక్కపక్క అంకెల తారుమారు వెయ్యి దాటితే 1,800 లాంటి గుండ్రటి అంకె ఇవ్వాలి, 1,368 ఇవ్వదు. పైగా ఏడో కాలమ్ అన్ని వరసల్లోనూ 0 చూపిస్తోంది.
3. సగం చేస్తే? 684.

రిజిస్టర్ల వరస మొత్తం అదే. తీసేయాల్సిన అంకెను కలిపితే తేడా దానికి సరిగ్గా రెండింతలు వస్తుంది. ఒకసారి తీయనందుకు, ఇంకోసారి కలిపినందుకు. అందుకే తేడా సరిసంఖ్య అయినప్పుడు సగం చేసి, ఆ సగం ఏ వరసలోనైనా ఉందేమో చూడాలి.

అయినా ఒక అనుమానం మిగిలింది. షీట్‌లో ఆ వరసకు మైనస్ పెట్టింది మావాడు, పేరు చూసి. బొమ్మలో మైనస్ లేదు. B2 బొమ్మలో తిరిగిచ్చిన పెన్నుల ముందు మాత్రం మైనస్ ఉంది, −312 అని. మెసేజ్‌లో బొమ్మ కుదించుకుపోయినప్పుడు అంత సన్న గీత చెరిగిపోవడం సాధ్యమే. కాబట్టి గీత కనిపించడం లేదన్నది సాక్ష్యం కాదు.

సాక్ష్యం అడుగున ఉన్న అంకెల్లో ఉంది. పై ఐదు వరసలు కూడితే 11,622. అందులోంచి 684 తీస్తే 10,938, కలిపితే 12,306. అచ్చయింది 12,306. సంఖ్యల కూడికా అదే చెప్తోంది. ఐదు వరసల సరుకు 176. రిజిస్టర్లు తీస్తే 164 ఉండాలి, కలిపితే 188. అచ్చయింది 188. గీత చెరిగిపోవచ్చు గానీ, రెండు వేర్వేరు కూడికలు ఒకే పక్కకు తప్పవు. వాళ్ల కంప్యూటర్ మేం తిరిగిచ్చిన పన్నెండు రిజిస్టర్లను మాకు అమ్మినట్టు లెక్కేసింది.

ఫోన్ చేసే ముందు ఇంకో మూడు చూసుకున్నాం:

1. రిటర్న్ చీటీ. పేజీలు ఊడిపోయిన 12 రిజిస్టర్లు డెలివరీ అబ్బాయి వెనక్కి తీసుకెళ్లాడు, చీటీ మీద అతని సంతకం ఉంది.
2. B2లోని 312 వేరే రిటర్న్, 26 చొప్పున 12 పెన్నులు. రెండు చోట్లా సంఖ్య 12 కావడంతో ఒకే రిటర్న్‌ను రెండుసార్లు అడుగుతున్నామేమో అనిపించింది. సరుకు, ధర, చీటీ మూడూ వేరు.
3. ఈ రిజిస్టర్లకు విడిగా క్రెడిట్ నోట్ ఏమైనా వచ్చిందా అని పాత మెసేజ్‌లన్నీ వెతికాం. రాలేదు.

మూడోది తప్పక చూడాలి. ముందే ఒక నోట్ ఇచ్చి, తర్వాత దాన్ని వెనక్కి తీసుకునేందుకు బిల్లులో కలిపి ఉంటే 12,306 సరైనదే అయ్యుండేది.

## దశ 6: సరఫరాదారుతో

అకౌంట్స్ చూసే ఆయన మర్యాదస్తుడు. స్టేట్‌మెంట్ తెరిచి చూసి, "సార్, మా దగ్గర ఆరు బిల్లులూ కూడితే 56,328 కరెక్ట్‌గా వస్తోందండి. టాలీ అయింది" అన్నారు.

టాలీ అవుతుంది. స్టేట్‌మెంట్‌ను ఆ బిల్లుల్లోంచే తీస్తారు కాబట్టి బిల్లులో తప్పుంటే అదే తప్పు స్టేట్‌మెంట్‌లోనూ ఉంటుంది. ఈ రెండూ కలిశాయంటే కూడిక సరిగ్గా చేశారని మాత్రమే. ఆ మాట అనకుండా, "B5 బిల్లు తెరిచి కింద మొత్తం సంఖ్య చూడండి" అన్నాను. 188 అన్నారు. "పైనుంచి కూడండి, రిజిస్టర్లు వదిలేసి." కాసేపు కాలిక్యులేటర్ చప్పుడు. "176 వస్తోందండి." ఆ తర్వాత ఇంకేం చెప్పాల్సిన పని పడలేదు.

కారణం ఆయనే కనుక్కుని చెప్పారు. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో రిటర్న్ ఎక్కించడానికి వేరే మెనూ ఉంది, అందులో మైనస్ దానంతటదే పడుతుంది. B2 అలా చేసిందే. B5 నాటికి బిల్లింగ్‌కి కొత్త అబ్బాయి వచ్చాడు. అతను రిటర్న్‌ను మామూలు సరుకు వరసగా ఎక్కించి, పేరు మాత్రం "తిరిగిచ్చిన రిజిస్టర్లు" అని టైప్ చేశాడు. పేరులో ఏముందో కంప్యూటర్‌కి పట్టదు, సంఖ్య 12 అంటే 12 అమ్మినట్టే.

అంతా తేలిందనుకునేసరికి ఆయన అన్నారు, "సరే సార్, 684కి క్రెడిట్ నోట్ వేసేస్తాను, క్లియర్ అయిపోతుంది."

"684 కాదండి, 1,368."

"రిజిస్టర్ల విలువే 684 కదా సార్. రెండింతలు ఎలా ఇస్తాం? మా ఓనర్ ఒప్పుకోరు."

ఇలాంటి బిల్లు పట్టుకున్నవాళ్లు సగం దగ్గర నష్టపోయేది ఇక్కడే అనుకుంటాను. వినడానికి ఆయన మాటే న్యాయంగా ఉంది. రెండింతలు అడిగే షాపువాడే అత్యాశపరుడిలా కనిపిస్తాడు. నేను మొదట "ఒకసారి తీయలేదు, ఒకసారి కలిపారు" అని చెప్పి చూశాను, ఆయనకు ఎక్కలేదు. మళ్లీ అదే మాట గట్టిగా చెప్పడం కంటే అంకెలు రాసి మెసేజ్ పెట్టడం నయమనిపించింది:

1. రిజిస్టర్లు వెనక్కి ఇవ్వకపోయి ఉంటే ఈ బిల్లు ఎంత? 11,622.
2. 12,306లోంచి 684 తీస్తే ఎంత? 11,622.
3. అంటే 684 నోట్ ఇస్తే, రిజిస్టర్లు వెనక్కి ఇవ్వనట్టే మేం కడుతున్నాం. సరుకు మాత్రం మీ దగ్గరుంది.

"అవునండీ, అర్థమైంది" అని జవాబు వచ్చింది, దాంతోపాటు ఇంకో ప్రశ్న: బిల్లు రద్దు చేసి కొత్తది వేయాలా, క్రెడిట్ నోట్ ఇవ్వాలా? రెండింటిలో ఏదైనా మాకు ఒకటే. కానీ ఆ బిల్లు ఇప్పటికే స్టేట్‌మెంట్‌లోకి ఎక్కింది, వాళ్ల ఖాతాలోనూ ముగిసింది. అలాంటప్పుడు పాత బిల్లును దిద్దితే మా దగ్గరున్న స్క్రీన్‌షాట్, వాళ్ల దగ్గరున్న బిల్లు వేరైపోతాయి. క్రెడిట్ నోట్ అయితే తప్పూ దిద్దుబాటూ రెండూ కాగితం మీద ఉంటాయి. నోట్‌నే అడిగాను. దాని మీద B5 బిల్లు నంబరు, "రిటర్న్ కలిపినందుకు 684, తీయాల్సినది 684" అని రెండు వరసలుగా రాయమన్నాను. ఒకే వరసలో 1,368 అని ఉంటే వచ్చే ఏడు వాళ్ల ఆడిటర్ మళ్లీ అదే ప్రశ్న వేస్తాడు.

## దశ 7: నోట్ వచ్చాక చూడాల్సినవి

నోట్ కూడా స్క్రీన్‌షాట్‌గానే వచ్చింది! పీడీఎఫ్ ఫైల్‌గా, డాక్యుమెంట్ రూపంలో పంపమని అడిగాం. దానికి కారణం మసక ఒక్కటే కాదు. స్క్రీన్‌షాట్ అంటే ఆ క్షణంలో తెర మీద ఉన్నది. బిల్లును సేవ్ చేసే ముందు తీసి ఉండొచ్చు, తీశాక మార్చి ఉండొచ్చు. B5 పీడీఎఫ్ కూడా తెప్పించి మా బొమ్మతో పోల్చాం. అంకెలు అవే.

మారిన స్టేట్‌మెంట్‌లో ఏ అంకె రావాలో ముందే షీట్‌లో రాసి పెట్టుకున్నాం:

- సరిగ్గా తీస్తే: 56,328 − 1,368 = 54,960
- మళ్లీ కలిపేస్తే: 56,328 + 1,368 = 57,696
- సగమే ఇస్తే: 56,328 − 684 = 55,644

ఎదురుచూసే అంకె ముందే రాసి ఉంటే స్టేట్‌మెంట్ రాగానే ఒక్క చూపుతో తేలిపోతుంది. మళ్లీ కలిపేసే అవకాశం గురించి రాసింది సరదాకి కాదు, నోట్ ఎక్కించేది కూడా అదే కొత్త అబ్బాయి.

వచ్చింది 54,960. డబ్బు కట్టేశాం.

ముగింపు లెక్క
- వరసలు: 70
- మా షీట్‌లో దిద్దినవి: 3 (B2లో 2,150, B3లో 180, B4లో 1,176)
- సరఫరాదారు బిల్లులో దిద్దినది: 1 (B5లో 1,368)
- తేడా: 0

## దశ 8: ఇక మీదట, ఇంకా మిగిలింది

మార్చినవి మూడే. బిల్లులు డాక్యుమెంట్‌గా పంపమన్నాం, ఒప్పుకున్నారు. ఏ కారణం చేతనైనా స్క్రీన్‌షాటే వస్తే వరస నంబర్లు, అడుగు మొత్తం కనిపించాలని చెప్పాం. తిరిగిచ్చిన సరుకు ఉన్న బిల్లు ఏదైనా సరే, స్టేట్‌మెంట్ దాకా ఆగకుండా వచ్చిన రోజే మొత్తం సంఖ్యను కూడి చూస్తున్నాం. ధరలతో పని లేకుండా సంఖ్యలు మాత్రం కూడితే చాలు, నిలబడి చేసేయొచ్చు.

ఈ పద్ధతి పట్టుకోలేనివీ ఉన్నాయి. ధరే తప్పు వేస్తే ఏడో కాలమ్ 0 చూపిస్తుంది, ఎందుకంటే తప్పు ధరతో గుణకారం సరిగ్గానే ఉంటుంది. దానికి ఒప్పుకున్న ధరల పట్టికతో పోల్చాలి. రాని సరుకుకి బిల్లు వేసినా షీట్‌కి తెలియదు, దానికి డెలివరీ చీటీ కావాలి. ఆ రెండూ ఇంకా షీట్‌లోకి తేలేదు. ధరల పట్టిక ముందు తెస్తాం, అది ఒకసారి ఎక్కిస్తే మళ్లీ మళ్లీ పనికొస్తుంది.

కొత్త అబ్బాయి వచ్చాక వేసిన పాత బిల్లుల్లో, అంటే ఇప్పటికే డబ్బు కట్టేసిన వాటిలో, రిటర్న్ ఉన్నవి ఇంకో రెండు. వాటి స్క్రీన్‌షాట్లు ఫోన్ మార్చినప్పుడు పోయాయి, రిటర్న్ చీటీలు మాత్రం ఉన్నాయి. పీడీఎఫ్‌లు అడిగాం. ఒకటి వచ్చింది, అందులో మైనస్ ఉంది, సంఖ్యల కూడికా సరిపోయింది. రెండోది ఇంకా పంపలేదు. చీటీ ప్రకారం ఆ రిటర్న్ విలువ 930. అది కూడా కలిపేసి ఉంటే అడగాల్సింది 1,860.